రక్తంలో నిండుగా, వృషణంలో ఖాళీగా

పెళ్లయి రెండేళ్లు దాటినా పిల్లలు కలగకపోవడంతో ఒక జంట డాక్టరు దగ్గరికి వెళ్లిందనుకుందాం. ఆయనకు ముప్ఫై ఒక్క ఏళ్లు. కండలు తిరిగిన ఒళ్లు, ఒత్తైన గడ్డం, గంభీరమైన గొంతు. లోపం తనలో ఉండొచ్చన్న ఆలోచన ఆయనకు గానీ, ఇంట్లోవాళ్లకు గానీ రాలేదు. భార్యకు అన్ని పరీక్షలూ అయ్యాక, చివర్లో, మొహమాటంగా ఆయన వీర్యపరీక్ష చేయించుకున్నారు. వీర్యం 2.8 మిల్లీలీటర్లు, అంటే సరిపడా ఉంది. అందులో శుక్రకణాలు మాత్రం సున్నా. రెండు వారాల తర్వాత మళ్లీ చేశారు. ఈసారి నమూనాను యంత్రంలో వేగంగా తిప్పి, అడుగున పేరుకున్నదాన్ని కూడా మైక్రోస్కోపు కింద వెతికారు. ఒక్కటీ కనబడలేదు.

రక్తపరీక్ష ఇంకా వింతగా ఉంది. టెస్టోస్టిరాన్ డెసీలీటరుకు 1,150 నానోగ్రాములు. ఆరోగ్యవంతుడైన మగవాడిలో ఇది ఉదయం పూట సుమారు 300 నుంచి 1,000 మధ్య ఉంటుంది. అంటే మగ హార్మోను ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి రావలసిన రెండు హార్మోన్లు, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, దాదాపు లేనట్టే. పరీక్ష చేతికి చిక్కనంత తక్కువ. వృషణాలను కొలిస్తే ఒక్కోటి పది మిల్లీలీటర్ల లోపే. పెద్దవాళ్లలో అవి పదిహేనుకు తగ్గకుండా ఉండాలి.

ఈ అంకెలు ఏ ఒక్క మనిషివీ కావు. ఈ తరహా రిపోర్టు ఎలా ఉంటుందో చూపడానికి నేను పేర్చినవి. కానీ ఇలాంటి మనుషులు డాక్టర్లకు కొత్త కాదు. డాక్టరు ఇక ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: "ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుంటున్నారా?" జిమ్‌లో ఎవరో చెప్తే రెండేళ్లుగా వారానికొకటి తీసుకుంటున్నానని ఆయన చెప్తారు. అది టెస్టోస్టిరానే. మగతనాన్ని పెంచే మందు అనుకుని తీసుకున్నదే శుక్రకణాల తయారీని ఆపేసింది. ఎలా ఆపిందో తెలియాలంటే వృషణం లోపలికి వెళ్లి చూడాలి.

వృషణంలో ఎక్కువ భాగం సన్నని గొట్టాలే. వెంట్రుక కన్నా కాస్త లావుగా, మెలికలు మెలికలుగా చుట్టుకుని ఉండే ఈ నాళికలన్నిటినీ విప్పి వరసగా పరిస్తే వందల మీటర్లు వస్తాయి. శుక్రకణాలు తయారయ్యేది వీటి గోడల్లోనే. నాళికకూ నాళికకూ మధ్య ఉన్న సందుల్లో మరో రకం కణాలు గుంపులుగా ఉంటాయి. 1850లో వాటిని వర్ణించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ లేడిగ్ పేరుమీద వాటిని లేడిగ్ కణాలంటారు. టెస్టోస్టిరాన్ చేసేవి ఇవి. నాళిక గోడలో నిలువుగా, అడుగు నుంచి లోపలి అంచు దాకా సాగి ఉండే పెద్ద కణాలు ఇంకొన్ని. వాటిని 1865లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఎన్రికో సెర్టోలీ వర్ణించారు. ఎదుగుతున్న శుక్రకణాలు ఈ సెర్టోలీ కణాల మడతల్లో ఒదిగి ఉంటాయి. వాటికి పోషణ, ఆసరా, ఆదేశం, అన్నీ ఇక్కడి నుంచే.

ఆదేశం విషయం కొంచెం ఆగి చెప్పాలి. ఎదుగుతున్న శుక్రకణాలకు టెస్టోస్టిరాన్‌ను అందుకునే గ్రాహకాలు లేవు. ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అందుకునేవీ లేవు. ఈ రెండు హార్మోన్లు లేకుండా మనిషిలో శుక్రకణాల ఉత్పత్తి సవ్యంగా సాగదు, అయినా ఆ కణాలకు వాటి మాట నేరుగా వినబడదు. రెండింటినీ అందుకునేది సెర్టోలీ కణం. అది విని, దానికి తగ్గట్టు తన పనితీరు మార్చుకుని, ఒడిలో ఉన్న కణాలను ముందుకు నడిపిస్తుంది. అందుకే సెర్టోలీ కణాల సంఖ్య అంత ముఖ్యం. అవి యవ్వనం వచ్చేలోపే దాదాపుగా స్థిరపడిపోతాయి. ఒక్కో సెర్టోలీ కణం ఇన్ని కణాలనే సాకగలదని ఒక పరిమితి ఉంటుంది కాబట్టి, ఒక మగవాడు జీవితమంతా రోజుకు ఎన్ని శుక్రకణాలు చేయగలడన్న గరిష్ఠ హద్దు చిన్నప్పుడే తేలిపోతుంది. మామూలుగా అది రోజుకు పది కోట్లు, అంతకన్నా ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టెస్టోస్టిరాన్ పుట్టేది లేడిగ్ కణాల్లో, నాళికల పక్కనే. పుట్టినచోట అది చిక్కగా ఉంటుంది. వృషణం లోపల టెస్టోస్టిరాన్ సాంద్రత రక్తంలో ఉన్నదానికన్నా పదుల రెట్లు, కొన్ని కొలతల ప్రకారం వంద రెట్ల దాకా ఎక్కువ. అక్కణ్ణుంచి రక్తంలో కలిసి ఒళ్లంతా పాకేసరికి పల్చబడుతుంది. కండరానికి, ఎముకకు, గడ్డం మొలిచే చర్మానికి ఆ పల్చటి మోతాదు చాలు. శుక్రకణాల తయారీకి అది చాలదు. సెర్టోలీ కణాలకు పక్కింటి నుంచి అందే ఆ చిక్కటి మోతాదే కావాలి. ఒకే మనిషిలో, ఒకే హార్మోనుకు, ఇలా రెండు వేర్వేరు మట్టాలు ఉన్నాయి. రక్తపరీక్షలో మనకు కనబడేది ఒకటే.

పిట్యూటరీకి కనబడేదీ ఆ ఒకటే. మొత్తం చిక్కు ఇక్కడే ఉంది.

పై నుంచి కిందికి ఆజ్ఞలు ఎలా వస్తాయో చూద్దాం. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం జీఎన్‌ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోనును, సుమారు గంటన్నర రెండు గంటలకోసారి, ఒక్కో విడతగా వదులుతుంది. అది చిన్నచిన్న రక్తనాళాల గుండా నేరుగా కిందనున్న పిట్యూటరీకి చేరి కొద్ది నిమిషాల్లో కరిగిపోతుంది. ఒక్కో విడతకు స్పందనగా పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండింటినీ రక్తంలోకి పంపుతుంది. ఎల్‌హెచ్ లేడిగ్ కణాలను చేరి టెస్టోస్టిరాన్ చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలీ కణాలను చేరుతుంది. జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణాన్ని కనిపెట్టడానికి ఆండ్రూ షాలీ బృందం పందుల మెదళ్లతో, రోజర్ గిల్మ్యా బృందం గొర్రెల మెదళ్లతో ఏళ్ల తరబడి పోటీపడ్డారు. మెదడు హార్మోన్లపై చేసిన పనికి 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడే ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతులపై చేసిన ప్రయోగం నాకు అంతకన్నా ఆశ్చర్యంగా అనిపిస్తుంది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను గంటకోసారి కాసేపు ఇస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది. అదే మందును ఆపకుండా ధారగా ఇస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పడిపోయాయి. పిట్యూటరీకి మోతాదుతో పాటు లయ కూడా కావాలి. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టిరాన్‌ను అణచడానికి ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు ఈ గుణం మీదే ఆధారపడ్డాయి.

కింది నుంచి పైకి కబురు వెళ్లే దారి కూడా ఉంది. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరిగితే హైపోథాలమస్ విడతల మధ్య ఎడం పెంచుతుంది, పిట్యూటరీ ఎల్‌హెచ్‌ను తగ్గిస్తుంది. టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. ఆడ హార్మోనుగా మనం చెప్పుకునే ఈ పదార్థం మగవాళ్లలో కూడా కొద్దిగా ఉంటుంది, పైవాళ్లకు "ఇక చాలు" అని చెప్పడంలో దానిది పెద్ద వంతు. టెస్టోస్టిరాన్ తగ్గితే ఇదంతా తిరగబడి ఎల్‌హెచ్ పెరుగుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్‌కు అదనంగా ఇంకో కళ్లెం ఉంది. 1932లో మెకల్లా అనే శాస్త్రజ్ఞుడు వృషణాలు తీసేసిన ఎలుకల పిట్యూటరీలో వచ్చే మార్పులను వృషణం నుంచి తీసిన, నీటిలో కరిగే ఒక సారం ఆపగలదని చూపి, దానికి ఇన్హిబిన్ అని పేరు పెట్టారు. ఆ పదార్థాన్ని విడిగా పట్టుకోవడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1980ల నడుమ దొరికింది. మగవాళ్లలో దీని ముఖ్య రూపం ఇన్హిబిన్ బి. దాన్ని చేసేవి సెర్టోలీ కణాలు. నాళికల్లో పని బాగా సాగుతుంటే ఇన్హిబిన్ బి పెరిగి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అదుపులో ఉంచుతుంది, పని కుంటుపడితే ఇన్హిబిన్ తగ్గి ఎఫ్‌ఎస్‌హెచ్ పైకి లేస్తుంది.

బయటి టెస్టోస్టిరాన్ ఈ ఏర్పాటులోకి వచ్చినప్పుడు ఏమవుతుందో మన ఇళ్లలోని ఒక ఏర్పాటుతో పోల్చి చెప్పవచ్చు. బోరు మోటరు నుంచి మేడమీది ట్యాంకుకు పైపు వెళుతుంది. బోరు పక్కనున్న మొక్కలకు కూడా ఆ పైపుకే పెట్టిన చిన్న గొట్టం ద్వారా నీళ్లు పారుతుంటాయి. ట్యాంకు నిండితే తేలుడు బంతి లేచి మోటరు ఆగిపోతుంది. ఇప్పుడు ఎవరో బయటి నుంచి ట్యాంకరు తెప్పించి మేడమీది ట్యాంకును రోజూ నింపుతున్నారు. ఇంట్లో ప్రతి కొళాయిలోనూ నీళ్లు పొంగుతాయి. మోటరు మాత్రం తిరగదు, మొక్కలు ఎండిపోతాయి. బంతికి ట్యాంకులో మట్టం తెలుసు గానీ, ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో, కింద మొక్కలకు అందుతున్నాయో లేదో దానికి తెలియదు.

ఇంజెక్షన్ తీసుకున్న మగవాడిలో పిట్యూటరీ అలాగే రక్తంలో మట్టం చూసి ఎల్‌హెచ్‌ను, ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఆపేస్తుంది. లేడిగ్ కణాలు పని మానేస్తాయి. రక్తంలో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వల్ల నిండుగానే ఉంటుంది, అందువల్ల కండ, గడ్డం, కోరిక అన్నీ ఉంటాయి. వృషణం లోపలి చిక్కటి మట్టం మాత్రం కుప్పకూలుతుంది. ఆరోగ్యవంతులైన యువకులకు వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ ఇచ్చి, సన్నని సూదితో వృషణంలోని ద్రవాన్ని తీసి కొలిచిన ఒక అమెరికన్ అధ్యయనం 2005లో వెలువడింది. మూడు వారాల్లో వృషణం లోపలి టెస్టోస్టిరాన్ 94 శాతం తగ్గిపోయింది. అదే ఇంజెక్షన్‌తో పాటు ఎల్‌హెచ్ పని చేయగల హెచ్‌సీజీ అనే హార్మోనును కొద్ది మోతాదులో రోజు విడిచి రోజు ఇచ్చినవాళ్లలో లోపలి మట్టం దాదాపు మునుపటి స్థాయిలోనే నిలిచింది. రెండు మట్టాలు వేరని, లోపలి మట్టాన్ని నిలబెట్టేది ఎల్‌హెచ్ సంకేతమేనని చెప్పడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం అక్కర్లేదు.

లోపలి మట్టం పడిపోయిన మర్నాడే శుక్రకణాలు మాయమవవు. దానికి కారణం తయారీకి పట్టే కాలం. నాళిక గోడ అడుగున మూలకణాలుంటాయి. వాటిలో కొన్ని విభజన చెంది, కొన్ని తమలాగే మిగిలి, మిగతావి పైకి ప్రయాణం మొదలుపెడతాయి. వాటి సంఖ్య పెరిగాక మియోసిస్ అనే ప్రత్యేక విభజన జరుగుతుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చిన క్రోమోజోములు పక్కపక్కన చేరి, ముక్కలు ఇచ్చిపుచ్చుకుని, చివరికి ఒక్కో కణంలో సగం సంఖ్య మిగిలేలా విడిపోతాయి. ఒక్క ఈ దశకే మూడు వారాలకు పైగా పడుతుంది. ఆ తర్వాత గుండ్రటి కణం పూర్తిగా రూపం మారుతుంది. తోక మొలుస్తుంది, డీఎన్‌ఏ బిగుతుగా చుట్టుకుంటుంది, అండం పొరను ఛేదించే ఎంజైములతో తలకు ఒక టోపీ ఏర్పడుతుంది, అక్కర్లేని ద్రవ్యం రాలిపోతుంది. 1960లలో హెల్లర్, క్లెర్మాంట్ అనే శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక గుర్తు వేసి ఈ ప్రయాణాన్ని కొలిచి సుమారు 74 రోజులని తేల్చారు. నాళిక నుంచి విడుదలైన కణం ఎపిడిడిమిస్ అనే మరో పొడవాటి గొట్టంలో కొద్ది రోజుల నుంచి రెండు వారాల దాకా గడిపి, అక్కడ ఈదడం నేర్చుకుంటుంది. అంటే ఈరోజు వీర్యపరీక్షలో కనబడేవి దాదాపు మూడు నెలల క్రితం మొదలైన కణాలు. గట్టి జ్వరం వచ్చి తగ్గిన కొన్ని వారాల తర్వాత వీర్యపరీక్ష బాగా రాకపోవడం కూడా ఇందువల్లే.

టెస్టోస్టిరాన్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అణగినప్పుడు ఈ దారిలో రెండు చోట్ల పెద్ద దెబ్బ తగులుతుంది. అడుగున కొత్త కణాలు ముందు దశలోకి అడుగుపెట్టడం తగ్గిపోతుంది. పైన, పూర్తిగా తయారైన కణాలను సెర్టోలీ కణాలు నాళికలోకి వదలకుండా పట్టి ఉంచి, చివరికి తామే మింగేస్తాయి. మధ్యలో ఉన్నవి మెల్లగా ఖాళీ అవుతాయి. వృషణం పరిమాణంలో అత్యధిక భాగం ఈ నాళికలూ వాటిలోని కణాలే కాబట్టి, నాళికలు ఖాళీ అయ్యేకొద్దీ వృషణం కూడా చిన్నదవుతుంది. మన రిపోర్టులో పది మిల్లీలీటర్ల లోపు అన్న కొలత చెప్పేది అదే.

ఈ దుష్ఫలితాన్నే ప్రయోజనంగా వాడుకోవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆలోచించింది. మగవాళ్లకు గర్భనిరోధక ఇంజెక్షన్‌గా వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్‌ను ఏడు దేశాల్లో 271 మందికి ఇచ్చిన అధ్యయనం 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వారిలో 157 మందికి శుక్రకణాలు పూర్తిగా సున్నా అయ్యాయి. దానికి సగటున నాలుగు నెలలు పట్టింది, 74 రోజుల లెక్కకన్నా ఎక్కువే. సున్నాకు చేరినవాళ్లలో ఏడాదిపాటు వేరే గర్భనిరోధకం లేకుండా గమనిస్తే ఒక్క గర్భం మాత్రమే వచ్చింది. ఇలాంటి అధ్యయనాల్లో ఆసియా కేంద్రాలవాళ్లలో సున్నాకు చేరినవారి వంతు మిగతా కేంద్రాలకన్నా బాగా ఎక్కువ. కాబట్టి జిమ్‌లో వారానికొకటి చొప్పున ఇంజెక్షన్ తీసుకుంటున్న మనవాడు, తనకు తెలియకుండానే, శాస్త్రజ్ఞులు గర్భనిరోధకంగా పరీక్షించిన మందునే తీసుకుంటున్నాడన్నమాట. ఎవరూ ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆ రిపోర్టును డాక్టరు ఒక్క చూపులో ఎలా పట్టుకున్నారో కూడా చెప్పాలి, ఎందుకంటే శుక్రకణాలు సున్నా అన్న ఫలితం వెనక వేరే కారణాలుండొచ్చు. వృషణమే దెబ్బతింటే, ఉదాహరణకు యవ్వనం వచ్చాక గవదబిళ్లలు వృషణాలకు పాకినా, ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువుండే క్లైన్‌ఫెల్టర్ స్థితి అయినా, పై నుంచి కేకలు పెరుగుతాయి: ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ ఎక్కువ, టెస్టోస్టిరాన్ తక్కువ లేదా అంచున. పిట్యూటరీయే పని మానేస్తే మూడూ తక్కువ. తయారీ బాగానే ఉండి దారి మూసుకుపోతే మూడూ మామూలుగానే ఉంటాయి, వృషణాలు కూడా మామూలు సైజులోనే ఉంటాయి. టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉండి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అడుగంటితే, ఆ టెస్టోస్టిరాన్ బయటి నుంచి వస్తోందన్నది అన్నిటికన్నా ముందు అనుమానించాల్సిన విషయం. ఇక్కడ ఒక మెలిక ఉంది. జిమ్‌లలో తిరిగే నాండ్రొలోన్, స్టానోజొలోల్ వంటి కృత్రిమ స్టిరాయిడ్లు పిట్యూటరీని అంతే అణచినా, టెస్టోస్టిరాన్ పరీక్షలో టెస్టోస్టిరాన్‌గా లెక్కకు రావు. అప్పుడు మూడు హార్మోన్లూ తక్కువగా కనబడి పిట్యూటరీ జబ్బులా తోస్తుంది. కండలు మాత్రం వేరే కథ చెప్తుంటాయి. రోగి నిజం చెప్పకపోతే అనవసరంగా మెదడు స్కానింగుల దాకా వెళుతుంది.

ఆపేస్తే తిరిగి వస్తాయా అన్నది అందరూ అడిగేది. టెస్టోస్టిరాన్ గర్భనిరోధక అధ్యయనాల్లో పాల్గొన్న సుమారు 1,550 మంది వివరాలను కలిపి 2006లో లెక్కగట్టారు. మందు ఆపాక శుక్రకణాలు మిల్లీలీటరుకు రెండు కోట్లకు తిరిగి చేరడానికి మధ్యస్థంగా మూడున్నర నెలలు పట్టింది. ఆరు నెలల్లో మూడింట రెండొంతుల మంది, ఏడాదిలో పదిమందిలో తొమ్మిది మంది, రెండేళ్లలోపు అందరూ ఆ స్థాయికి చేరారని ఆ అంచనా. కానీ వీళ్లు మొదటి నుంచీ ఆరోగ్యవంతులు, కొలిచిన మోతాదు తీసుకున్నవాళ్లు. ఏళ్ల తరబడి నాలుగైదు రకాల స్టిరాయిడ్లను కలిపి ఎక్కువ మోతాదులో వాడినవాళ్లకు ఇంతకన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు, కొందరిలో పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఆపిన తర్వాతి మొదటి నెలలే కష్టమైనవి. ఇంజెక్షన్ టెస్టోస్టిరాన్ కరిగిపోతుంది. పిట్యూటరీ ఇంకా నిద్ర లేవదు. మునుపు అక్కర్లేదని కూర్చున్న లేడిగ్ కణాలు వెంటనే పనిలోకి దిగవు. ఆ ఖాళీలో నీరసం, దిగులు, కోరిక తగ్గడం, కండ కరగడం అన్నీ ఒకేసారి వస్తాయి. ఆ బాధకు తట్టుకోలేక చాలామంది మళ్లీ ఇంజెక్షన్ మొదలుపెడతారు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే సొంతంగా ఆపడం కన్నా హార్మోన్ల డాక్టరు లేదా ఆండ్రాలజిస్టు చేతిలో పెట్టడం మేలు. వాళ్లు అవసరాన్ని బట్టి హెచ్‌సీజీతో లేడిగ్ కణాలను తట్టి లేపుతారు, లేదా ఈస్ట్రోజెన్ సంకేతాన్ని అడ్డుకుని పిట్యూటరీ చేత ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను ఎక్కువ చేయించే క్లోమిఫిన్ లాంటి మందు ఇస్తారు. ఏది ఇచ్చినా వీర్యపరీక్షను వారం వారం చేయించి ప్రయోజనం లేదు. 74 రోజుల దారి ఎవరికోసమూ తగ్గదు కాబట్టి మూడు నెలలకోసారి చూస్తే చాలు.

నిజంగానే టెస్టోస్టిరాన్ లోపం ఉండి, పిల్లలు కూడా కావాలనుకునేవాళ్లకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. లోపం ఉందని టెస్టోస్టిరాన్ ఇస్తే ఉన్న కాస్త ఉత్పత్తి కూడా ఆగిపోతుంది. పిట్యూటరీ జబ్బు వల్ల లోపం వచ్చినవాళ్లకు టెస్టోస్టిరాన్ బదులు వారానికి రెండుమూడు సార్లు హెచ్‌సీజీ ఇస్తారు. కొన్ని నెలలు చూసి, శుక్రకణాలు రాకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్ కూడా జోడిస్తారు. మొదటి కణం కనబడటానికి ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాదీ రెండేళ్లూ కూడా పట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దు మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షలు. ఈ చికిత్సలో చాలామంది దాన్ని చేరరు. అయినా అంతకన్నా చాలా తక్కువ సంఖ్యతోనే, సహజంగానే, వాళ్ల భార్యల్లో ఎంతోమంది గర్భం దాలుస్తున్నారు.